ఒక జానా ఆరు వేళ్ళు

చిలకలూరిపేటలో పత్తి పింజ పొడవు చెప్పడానికి ఒకప్పుడు మిషన్లు లేవు. పిచ్చయ్య ఉండేవాడు. లారీలోంచి గుప్పెడు దూది తీసి, రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పట్టుకుని, చిన్నగా లాగి, మళ్ళీ జతచేసి, మళ్ళీ లాగేవాడు. వదులు పోగులు రాలిపోయి చివరకు చూపుడువేలి మీద ఒక పలచటి పొర మిగిలేది. దాన్ని చూసి "ఇరవై తొమ్మిది" అనేవాడు. ఇరవై తొమ్మిది మిల్లీమీటర్లన్నమాట. అనుమానమున్న బేరగాడు స్కేలు పెట్టి చూసుకునేవాడు, చూసుకుని తల గోక్కునేవాడు. నలభై ఏళ్ళు, పత్తిలోంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లులో ఆ మాటే తూకం, ఆ మాటే ధర. తర్వాత మిల్లులోకి ఒక మిషన్ వచ్చింది. అది పింజ పొడవుతో పాటు బలమూ, మందమూ కూడా కాగితం మీద అచ్చు వేసి ఇచ్చింది. పిచ్చయ్యకు శాలువా కప్పి ఇంటికి పంపారు.

కొడుకు వీరబాబుకు హైవే పక్కన కంప్యూటర్ల షాపుంది. ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చున్న తండ్రిని అతనే బతిమాలి షాపుకు తెచ్చుకున్నాడు. కౌంటర్ పక్కన కుర్చీ వేశాడు. ఊరికే కూర్చోబెడితే ఆ మనిషి కూర్చోడని తెలుసు గనక కొలిచే పనులు అప్పగించాడు. వైరు ఎంత కావాలి, మానిటర్ ఆ అరలో పడుతుందా, టేబుల్ కింద యూపీఎస్‌కి చోటుందా, అన్నీ పిచ్చయ్యే చెప్పేవాడు. తన జాన రెండువందల ఇరవై అయిదు మిల్లీమీటర్లని, ఒక్కో వేలి మందం పదిహేడున్నర అని ఎప్పుడో లెక్కగట్టి పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళు నవ్వుతూ స్కేలు పెట్టి చూసేవాళ్ళు, చూశాక నవ్వడం మానేవాళ్ళు. ఆ క్షణంలో తండ్రి మొహం చూడటానికే వీరబాబు అప్పుడప్పుడూ కావాలని స్కేలు దాచేవాడు. లోకంలో ఎక్కడా చెల్లని తండ్రి మాట తన షాపులో చెల్లుతోందని అతనికి గర్వంగా ఉండేది. ఆ మాటను నిలబెట్టే బాధ్యత తనదేనని కూడా తెలుసు. తెలిసి కూడా చేశాడు చూడండి, అదీ బాధ.

ఉదయశ్రీది చీరాల. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. తండ్రి భావనారాయణ నేస్తాడు, ఈ పిల్ల కంప్యూటర్ మీద చీరకు డిజైన్ గీస్తుంది. ఊరికే గీసి వదలదు. నేయక ముందే ఆ చీర కట్టుకున్న మనిషి నడుస్తుంటే కుచ్చిళ్ళు ఎలా ఊగుతాయో, అంచు ఎలా మెరుస్తుందో కదిలే బొమ్మలో చూపిస్తుంది. కంప్యూటర్‌లో ఆ బొమ్మలు తయారుచేసే పాత గ్రాఫిక్స్ కార్డు మీద నిమిషం బొమ్మకు ఒక రోజు పడుతోంది. సోమవారం హైదరాబాదు నుంచి షాపులవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. అందుకని గురువారం నాడు కంప్యూటర్ క్యాబినెట్‌ను కొత్త పెళ్ళికూతురి పెట్టెలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో చిలకలూరిపేట తెచ్చింది.

"పెద్ద కార్డు పెట్టండి వీరబాబు గారూ. శనివారం వచ్చి తీసుకెళ్తాను" అంది.

క్యాబినెట్ ఏ కంపెనీదో దాని మీద లేదు. ఎవరో చుట్టం హైదరాబాదులో కొనిచ్చాడట. కంపెనీ పేరుంటే ఎంత పొడుగు కార్డు పడుతుందో నెట్‌లో చూసుకోవచ్చు. పేరు లేనప్పుడు తెరిచి కొలవాలి. అయిదు నిమిషాల పని. గురువారం సాయంత్రం వీరబాబు ఆ అయిదు నిమిషాలూ కొలవలేదు. శుక్రవారం పొద్దున్నే గుంటూరు బస్సెక్కాడు.

హోల్‌సేల్ షాపులో ఉదయశ్రీ అడిగిన రకం కార్డు ఒక్కటే మిగిలింది. పక్కనే ఇంకొకాయన దాని అట్టపెట్టెను తిప్పి తిప్పి చూస్తున్నాడు. పెట్టె మీద పొడవు మూడువందల ఇరవై రెండు, ఎత్తు నూట ముప్పై ఏడు అని రాసుంది. వీరబాబు గబగబా తన షాపుకు ఫోన్ చేశాడు.

"నాన్నా, ఆ చీరాల పిల్ల క్యాబినెట్ తలుపు తియ్యి. వెనక కార్డులు బిగించే స్లాట్ల రేకుంటుంది చూడు, దాని లోపలి అంచు నుంచి ముందుకి ఎంతుందో చెప్పు."

ఫోన్లో స్క్రూలు తిప్పిన చప్పుడు వినపడింది. అద్దం తలుపును ఒళ్ళో పెట్టుకున్న నిట్టూర్పు వినపడింది. తర్వాత పిచ్చయ్య అడిగాడు.

"ముందు పక్క ఫ్యాన్లు ఉన్నాయిరా. ఫ్యాన్ల దాకా చెప్పనా, వాటి వెనకున్న రేకు దాకా చెప్పనా?"

పక్కాయన పెట్టెను కౌంటర్ మీద పెట్టి జేబులో చెయ్యి పెట్టాడు. వీరబాబు కళ్ళు ఆ చేతి మీదే ఉన్నాయి.

"రేకు దాకా చెప్పు నాన్నా. తొందరగా."

"ఒక జానా ఆరు వేళ్ళు. మూడువందల ముప్పై."

మూడువందల ముప్పైలో మూడువందల ఇరవై రెండు పడుతుంది. ఇంకా ఎనిమిది మిగులుతుంది. వీరబాబు కార్డు కొనేశాడు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మిరపకల్లాల మీంచి ఘాటు తగులుతుంటే తుమ్ముకుంటూ, తను ఎంత చురుకైన మనిషో తలుచుకుంటూ వచ్చాడు.

శనివారం మధ్యాహ్నం ఉదయశ్రీ వచ్చేసరికి వీరబాబు అప్పుడే పెట్టె విప్పుతున్నాడు. కార్డు చూసి ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. దుక్కలా, మూడు ఫ్యాన్లతో, చేతుల్లోకి తీసుకుంటే ఇటుకంత బరువు. వీరబాబు పాత కార్డు ఊడదీసి, కొత్తదాన్ని ఏటవాలుగా లోపలికి దించాడు. దాని ముందు కొస క్యాబినెట్ ఫ్యాన్‌కు టక్కుమని తగిలింది. కార్డు వెనక కొస ఇంకా ఒక వేలి మందం బయటే ఉంది. తిప్పాడు. వంచాడు. పైనుంచి కాకుండా కిందనుంచి ప్రయత్నించాడు. పాములు పట్టేవాడు బుట్టలోకి పామును కుక్కినట్టు కుక్కబోయాడు గానీ ఇనుము పాము కాదు.

"పట్టట్లేదా అండీ?" అంది ఉదయశ్రీ.

వీరబాబుకు ఆ క్షణంలో అంతా తెలుసు. ఫ్యాను మందం ఇరవై అయిదు. మూడువందల ముప్పైలోంచి ఇరవై అయిదు తీస్తే మూడువందల అయిదు. చిన్నపిల్లాడి లెక్క. కార్డుకు కావలసింది రేకు దాకా ఉన్న చోటు కాదు, మొదట ఏది అడ్డం వస్తే దాని దాకా ఉన్న చోటు. ఈ సంగతి షాపుకొచ్చిన ప్రతివాడికీ అతనే ఉపన్యాసం ఇస్తాడు.

"కొలత తేడా వచ్చిందమ్మా" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. "నేను గుంటూర్లో ఉన్నాను. మా నాన్న కొలిచాడు. పెద్దాయన కదా, స్కేలు వాడడు. జానలతో కొలుస్తాడు."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా. మాట బయటికొచ్చేసింది. ఉదయశ్రీ కౌంటర్ పక్క కుర్చీ వైపు చూసింది. పిచ్చయ్య కొడుకు వైపు ఒక్కసారి చూశాడు. కోపంగా కాదు. ఎవరో దూరం నుంచి పేరు పెట్టి పిలిస్తే ఎవరా అని చూసినట్టు చూశాడు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అవునమ్మా. నాదే పొరపాటు" అన్నాడు.

"అయ్యో, పర్లేదు తాతగారూ" అంది ఉదయశ్రీ. ఆ పర్లేదు అన్న మాటలో ఉన్న జాలి వీరబాబుకు వినపడింది. పిచ్చయ్యకూ వినపడే ఉంటుంది.

తప్పు చేసినవాడికి పని మీద శ్రద్ధ ఎక్కువవుతుంది. వీరబాబు ముందు ప్లాస్టిక్ మూత ఊడదీశాడు. మూతకూ రేకుకూ మధ్య ఫ్యాన్లు పట్టేంత చోటుంది. లోపలున్న ఫ్యాన్లు విప్పి రేకుకు బయటివైపు బిగించాడు. ఇప్పుడు కార్డు లోపలికి దిగింది. ముందు కొసకూ రేకుకూ మధ్య సగం వేలు సందు మిగిలింది. స్లాటులో టిక్కుమని కూర్చున్నప్పుడు ఉదయశ్రీ చప్పట్లు కొట్టబోయి ఆగింది.

ఎందుకంటే పవర్ కేబుల్ పెట్టాక అద్దం తలుపు మూసుకోలేదు. ఈ రకం కార్డులకు కేబుల్ కొసన కాదు, పక్క అంచు మీద గుచ్చుకుంటుంది. అంటే సరిగ్గా అద్దానికి ఎదురుగా. వీరబాబు ఈసారి స్టీలు స్కేలు తీశాడు. మదర్‌బోర్డు నుంచి అద్దం దాకా నూట అరవై అయిదు. అందులో కార్డు ఎత్తు నూట ముప్పై ఏడు పోను మిగిలింది ఇరవై ఎనిమిది. ఆ ఇరవై ఎనిమిదిలోనే ప్లగ్గు ఉండాలి, వైర్లు బయటికొచ్చి మలుపు తిరగాలి.

"కొంచెం నొక్కితే మూసుకుంటుందేమో" అంది ఉదయశ్రీ.

"నొక్కకూడదమ్మా. ప్లగ్గు దగ్గర్నుంచి కనీసం ముప్పై అయిదు ఎమ్మెమ్ వైరు తిన్నగా రావాలి. ఆ తర్వాతే మలుపు. మొదట్లోనే వంచితే ప్లగ్గు ఒక పక్కకు లాగేస్తుంది. లోపలి పిన్నుల్లో కొన్ని సరిగ్గా ఆనవు. ఆనినవాటి మీదే కరెంటంతా పోతుంది. వేడెక్కి ప్లగ్గు కరిగిపోతుంది. వంపు తిరిగిన ప్లగ్గులు కూడా అమ్ముతారు గానీ, ఏదో ఒకటి పెట్టి పంపడం నాకు ఇష్టం లేదు."

"మరి సోమవారం?"

"అద్దం లేకుండా నడిపించుకోండి. కార్డుకేం కాదు. మంగళవారానికి పెద్ద క్యాబినెట్ తెప్పిస్తాను, నా ఖర్చే."

"మా ఇంట్లో మగ్గాలండీ. నూగు ఎగురుతుంటుంది."

"మగ్గాల గదిలో పెట్టకండి. రెండు రోజులు ఓర్చుకోండి."

ఉదయశ్రీ అద్దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఒక చంకన, తలుపులేని క్యాబినెట్ ఇంకో చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది. ఇంత సేపూ పిచ్చయ్య కుర్చీలోంచి లేవలేదు. ఆ అద్దం దగ్గర ఎంత సందుందో అతను కూర్చున్నచోటి నుంచే చెప్పగలడు. ఇరవై ఎనిమిది అనే అంకె ఆ కళ్ళకు ఎన్ని వేలసార్లు పట్టుబడిందో. అయినా ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

మంగళవారం కొత్త క్యాబినెట్ వచ్చింది. ఈసారి వీరబాబు కొనే ముందే అన్నీ కాగితం మీద రాసుకుని చూశాడు. వెనక స్లాట్ల రేకు లోపలి అంచు నుంచి ముందున్న ఫ్యాన్ దాకా ఎంత, అందులో కార్డు పోను ఒక వేలైనా మిగులుతుందా, బోర్డు నుంచి అద్దం దాకా ఎంత, అందులో కార్డు ఎత్తుకు ఇంకో ముప్పై అయిదు కలిపినా చోటు చాలుతుందా. ఉదయశ్రీ కార్డును అందులో పెట్టించుకుని, అద్దం హాయిగా మూసుకోవడం చూసి నవ్వింది. సోమవారం వచ్చినవాళ్ళు మూడు డిజైన్లు తీసుకున్నారట. ఆ పిల్ల నష్టం ఏమీ లేకుండా గట్టెక్కింది. ఆ రోజు నిజం చెప్పేద్దామని వీరబాబు నోరు తెరిచాడు కూడా.

"తాతగారు రాలేదా ఇవాళ? పాపం, పెద్దవాళ్ళకి ఇలాంటివి అప్పజెప్పకండి" అంది ఉదయశ్రీ.

వీరబాబు తెరిచిన నోరు మూసుకుని "అలాగేనమ్మా" అన్నాడు. ఒకసారి అబద్ధమాడటం తొందర వల్ల. రెండోసారి ఊరుకోవడం మాత్రం పిరికితనం వల్లే. నాన్న డెబ్బై దాటిన మనిషి, ఫోన్లో ఎవరు ఏమన్నారో ఆయనకేం గుర్తుంటుందిలే అని తనకు తాను చెప్పుకున్నాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనుకునే వాడికి మిగతా లోకం మతిమరుపుదిగానే కనపడుతుంది.

పిచ్చయ్య బుధవారం షాపుకొచ్చాడు. మామూలుగానే కుర్చీలో కూర్చున్నాడు. అలగలేదు, అన్నం మానలేదు. ఒక్కటే తేడా. కౌంటర్ మీదున్న స్టీలు స్కేలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎవరో వచ్చి ప్రింటర్‌కు వైరు ఎంత కావాలంటే, లేచి వెళ్ళి, వంగి, స్కేలు పెట్టి, జరిపి, మళ్ళీ పెట్టి చెప్పాడు. వచ్చినవాడికి ఆ తేడా తెలియలేదు. వీరబాబుకు తెలిసింది. తెలిసి, బిల్లు రాసుకుంటూ కూర్చున్నాడు.

నెల గడిచింది. పత్తి లారీలు హైవే మీద బారులు తీరిన రోజుల్లో అద్దంకి వైపు నుంచి ఏసోబు వచ్చాడు. పిచ్చయ్యను ముప్పై ఏళ్ళుగా ఎరిగిన రైతు. మిల్లులో మిషన్ కాగితం ఇచ్చినా, ముందు పిచ్చయ్య నోట వినందే అతనికి నిద్రపట్టదు. కండువా కొంగు విప్పి తెల్లటి దూది గుప్పెడు కౌంటర్ మీద పెట్టాడు.

"పిచ్చయ్య గారూ, ఈసారి గింజ మార్చానండి. పింజ ఎంతుందో చూసి పెట్టండి."

పిచ్చయ్య దూది తీసుకున్నాడు. ఆ చేతులు వాటంతటవే పని మొదలెట్టాయి. లాగాడు, జతచేశాడు, లాగాడు. వదులు పోగులు ఒళ్ళో రాలాయి. చూపుడువేలి మీద పలచటి పొర నిలిచింది. వీరబాబు బిల్లు పుస్తకం మూసి చూస్తున్నాడు. తండ్రి పెదాలు కదిలాయి. ఇరవై తొమ్మిది అని శబ్దం లేకుండా అన్నాయి. అది వీరబాబుకు స్పష్టంగా కనపడింది.

కానీ పైకి ఆ మాట రాలేదు. పిచ్చయ్య ఆ పొరను నల్ల మౌస్‌ప్యాడ్ మీద జాగ్రత్తగా పరిచి, జేబులోంచి స్కేలు తీసి, కళ్ళజోడు సర్దుకుని, పక్కన పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"ఇరవై తొమ్మిదే" అన్నాడు. పరీక్ష పాసైన పిల్లాడి మొహంలో కనపడే తేలిక ఆ మొహంలో కనపడింది.

ఏసోబు స్కేలు వంక వింతగా చూశాడు. "ఇదేంటండీ, మీకెందుకిది?" అన్నాడు.

"ఉంటే మంచిది కదా ఏసోబూ" అన్నాడు పిచ్చయ్య.

ఏసోబు వెళ్ళాక వీరబాబు కౌంటర్ దాటి వచ్చి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నపు ఎండ గుమ్మంలో పడుతోంది.

"నాన్నా, ఆ చీరాల పిల్ల కార్డు సంగతి. నువ్వు సరిగ్గానే చెప్పావు. ఆ పిల్ల వెళ్ళకముందే రేకు దాకా స్కేలు పెట్టి చూశాను. మూడువందల ముప్పై. ఒక్క ఎమ్మెమ్ కూడా తేడా లేదు. తప్పు నాది."

"తెలుసు" అన్నాడు పిచ్చయ్య.

"తెలుసా?"

"ఫ్యాన్ల దాకా చెప్పనా, రేకు దాకా చెప్పనా అని అడిగాను. నువ్వు రేకు దాకా అన్నావు. పింజ చూసేటప్పుడు కొసలు వదిలేసి చూస్తాం. కానీ కొసలు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కలపాలో అడక్కుండా నేనెప్పుడూ కొలత చెప్పలేదు."

"మరి ఆ రోజు ఎందుకు నీదే పొరపాటని అన్నావు?"

"ఆ పిల్ల నీ బేరం. ఆ పిల్ల ముందు నీ మాట పోతే షాపు పోద్ది. నా మాట పోతే ఏం పోద్దిరా."

"మరి ఈ స్కేలెందుకు నాన్నా? నీకు తెలుసు కదా నువ్వు తప్పు చెప్పలేదని."

పిచ్చయ్య తన బొటనవేళ్ళ వంక చూసుకున్నాడు. గోళ్ళ పక్కన నలభై ఏళ్ళ దూది అరగదీసిన చర్మం నున్నగా మెరుస్తోంది.

"బుర్రకి తెలుసు. చేతికి తెలీదురా. అంకె నోటిదాకా వస్తది. అప్పుడు నువ్వా రోజు అన్న మాట గుర్తొస్తది. చెయ్యి ఆగిపోద్ది" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. మోకాలి నొప్పి గురించి చెప్పినట్టు చెప్పాడు.

వీరబాబు అప్పటికప్పుడే ఉదయశ్రీకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ పిల్ల చివరిదాకా వింది. తర్వాత "నాకెందుకండీ చెప్పడం, ఆయనకి చెప్పండి" అంది. ఆయనకు చెప్పానని అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఫోన్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

ఆ సాయంత్రం షాపు మూసేటప్పుడు ఉక్కపోతకు తండ్రి విప్పి కుర్చీకి తగిలించిన చొక్కా జేబులోంచి స్కేలు తీసి వీరబాబు సొరుగులో వేసి తాళం పెట్టాడు. స్కేలు లేకపోతే చెయ్యే మళ్ళీ పని మొదలెడుతుందని ఆశ. వెనకటి రోజుల్లో సరదాకి దాచిన స్కేలే, ఇప్పుడు మొక్కుకుని దాచాడు.

మర్నాడు పొద్దున్నే ఏసోబు చెప్పాడని ఇంకో రైతు వచ్చాడు. దూది ఇచ్చాడు. పిచ్చయ్య లాగాడు, జతచేశాడు, పొర తీశాడు. పెదాలు కదిలాయి. తర్వాత జేబు తడుముకున్నాడు. కౌంటర్ మీద చూశాడు, కుర్చీ కింద చూశాడు. వేలి మీది పొర చెదిరిపోకుండా చెయ్యి గాలిలో అలాగే పట్టుకుని, కొడుకు వైపు తిరిగాడు. రైతు ఎదురుచూస్తున్నాడు. పిచ్చయ్య కళ్ళల్లో కంగారు కనపడింది. నలభై ఏళ్ళలో ఏ బేరగాడికీ కనపడని కంగారు అది.

వీరబాబు సొరుగు తాళం తీసి, స్కేలు తెచ్చి, తండ్రి చేతికి అందించాడు.